రెండు కావిటీల డైయా, నాలుగు కావిటీల డైయా: ఎన్ని మూతల దగ్గర ఖర్చు సమానమవుతుంది?

చర్లపల్లి షెడ్

సభ్యులందరికీ నమస్కారం. చర్లపల్లి పారిశ్రామికవాడలో నాకు చిన్న ప్లాస్టిక్ మోల్డింగ్ షెడ్డు ఉంది, అందులో 100 టన్నుల ఇంజెక్షన్ మోల్డింగ్ మెషిన్ ఒకటి నడుస్తోంది. నెయ్యి సీసాలకు 40 మిల్లీమీటర్ల మూత చేసిపెట్టమని ఒక కొనుగోలుదారు అడిగారు. మూత బరువు 6 గ్రాములు, ముడిసరుకు పాలీప్రొపిలీన్. ఏడాదికి 10 లక్షల మూతలు కావాలని నోటి మాటగా చెప్పారు కానీ, చేతికిచ్చిన ఆర్డరు కాగితంలో మాత్రం 3 లక్షలే ఉన్నాయి.

డై అంటే మూత అచ్చు, అందులో ఒక్కో మూత రూపుదిద్దుకునే గుంత కావిటీ. డై రెండు రకాలుగా చేయించవచ్చు. మామూలు కోల్డ్ రన్నరుతో రెండు కావిటీల డైకి 1,60,000 రూపాయలు, హాట్ రన్నరుతో నాలుగు కావిటీల డైకి 6,40,000 రూపాయలు అడుగుతున్నారు. మొదటిదానిలో సైకిల్ 20 సెకన్లు కాబట్టి గంటకు 360 మూతలు వస్తాయి. రెండోదానిలో 18 సెకన్లని చెబుతున్నారు కాబట్టి గంటకు 800 మూతలు రావాలి.

మా అకౌంటెంటు మెషిన్ గంటకు 360 రూపాయలు వేశారు. ఆ లెక్కన మూతకు మెషిన్ ఖర్చు మొదటి డైలో రూపాయి, రెండో డైలో 45 పైసలు. మొదటి డైలో సరుకు కావిటీలకు వెళ్లే దారిలోనే గడ్డకట్టి మిగిలే ప్లాస్టిక్, అంటే రన్నరు, మూతకు గ్రామున్నర పడుతుంది. తినే వస్తువు మీద వాడే మూత కాబట్టి రన్నరును రుబ్బి మళ్లీ కలపడానికి కొనుగోలుదారు ఒప్పుకోవడం లేదు. కిలో 110కి కొన్న సరుకును 50కి తుక్కు కింద అమ్ముకోవాలి, అంటే మూతకు 9 పైసలు నష్టం. హాట్ రన్నరులో ఆ దారిని వేడిగా ఉంచే హీటర్లు, అదనపు కరెంటు కలిపి మూతకు 4 పైసలు ఎదురు పడతాయి. అన్నీ చూస్తే నాలుగు కావిటీల డైలో మూతకు 60 పైసలు మిగులుతుంది. డైల ధరల్లో తేడా 4,80,000ను 60 పైసలతో భాగిస్తే 8 లక్షల మూతలు. కొనుగోలుదారు చెప్పింది 10 లక్షలు కాబట్టి పెద్ద డై చేయించమని మా అకౌంటెంటు అంటున్నారు. డబ్బు కట్టే ముందు తెలిసినవారిని అడగడం మంచిదని ఇక్కడ రాస్తున్నాను.

బీకాం మూడో ఏడు

మీ అకౌంటెంటు గారి లెక్క సరిగ్గా ఉందండీ. స్థిర ఖర్చుల తేడాను ఒక్కో వస్తువు మీద చర ఖర్చుల తేడాతో భాగించాలి, వారు అదే చేశారు. 8 లక్షల లోపు రెండు కావిటీలు లాభం, 8 లక్షలు దాటితే నాలుగు కావిటీలు లాభం, సరిగ్గా 8 లక్షల దగ్గర ఏది చేయించినా ఒకటే. ఆర్డరు మీద నమ్మకం లేకపోతే ముందు రెండు కావిటీల డైతో మొదలుపెట్టి, 8 లక్షల మూతలు పూర్తయ్యాక నాలుగు కావిటీల డైకి మారితే ఏ దశలోనూ నష్టం ఉండదు.

నాచారం పచ్చళ్లు

అయ్యా, మూతను ఎంతకు అమ్ముతున్నారో చెప్పకుండా ఎన్ని మూతల దగ్గర గిట్టుబాటు అవుతుందో ఎలా తేలుతుంది? మేము పచ్చళ్ల ప్యాకింగు మెషిన్ కొన్నప్పుడు సీసా మీద మిగిలేది ఎంతో చూసి, నెలకు ఎన్ని సీసాలు అమ్మితే వాయిదా కట్టగలమో లెక్క వేసుకున్నాము. అమ్మకం ధర లేని లెక్క నాకు అర్థం కావడం లేదు.

ఖాతా పుస్తకం

పచ్చళ్ల వ్యాపారి గారు వేసింది వేరే ప్రశ్నకు జవాబు. ఆ ప్రశ్నా అవసరమైనదే, కానీ ఇక్కడ అడిగినది అది కాదు. ఏ డైలో పోసినా మూత అదే, ధర అదే, కొనేవారూ వారే. రెండు పక్కలా ఒకే మొత్తం వస్తుంది కాబట్టి పోల్చేటప్పుడు అది కొట్టుకుపోతుంది. ఈ మూత పని అసలు ఒప్పుకోవాలా వద్దా అన్నప్పుడు మాత్రం అమ్మకం ధర తప్పనిసరి. 8 లక్షల దగ్గర రెండు పద్ధతులూ సమానమంటే రెండింటిలోనూ లాభం ఉందని అర్థం కాదు, రెండింటిలోనూ సమానంగా నష్టపోతూ ఉండవచ్చు.

చర్లపల్లి షెడ్ గారూ, మీ లెక్కలో సూత్రం సరైనదే. నాకు అనుమానం కలిగిస్తున్నది ఆ 360 రూపాయలు. మూతకు మిగిలే 60 పైసల్లో 55 పైసలు ఆ ఒక్క అంకె నుంచే వస్తున్నాయి, అంటే 8 లక్షలన్న జవాబు దాదాపు పూర్తిగా దాని మీదే నిలబడి ఉంది. అందుకని రెండు విషయాలు చెప్పండి. ఆ 360లో ఏమేమి కలిపారు? మీ మెషిన్ ఇప్పుడు ఏడాదికి ఎన్ని గంటలు నడుస్తోంది, ఎన్ని గంటలు ఖాళీగా ఉంటోంది?

చర్లపల్లి షెడ్

అకౌంటెంటు గారిని అడిగి రాస్తున్నాను. గంటకు కరెంటు 90, ఆపరేటరుకు 70, మిగతా 200 షెడ్డు అద్దె, మెషిన్ తరుగుదల, బ్యాంకు వడ్డీ కలిపి వేసినవి. మెషిన్ ఇప్పుడు పగటి షిఫ్టు మాత్రమే నడుస్తోంది, ఏడాదికి సుమారు 2,400 గంటలు, అంతా బయటివారి జాబ్ వర్కు. సరుకు వారిదే, మాకు గంటకు 450 రూపాయలు ఇస్తారు. రెండో షిఫ్టు ఖాళీ, అంటే ఇంకో 2,400 గంటలు ఉన్నాయి. ఆ షిఫ్టుకు ఆపరేటరును పని ఉన్న రోజునే రోజుకూలీ మీద పిలుస్తాము. మూడో షిఫ్టు నడిపే ఉద్దేశం లేదు, రాత్రి చూసుకునేవారు లేరు.

ఖాతా పుస్తకం

ఇప్పుడు లెక్క మొదటి నుంచి వేసుకోవచ్చు.

నాలుగు కావిటీల డై వల్ల మీకు మిగిలేవి మెషిన్ గంటలు. ఆ మిగిలిన గంటకు విలువ ఎంత అన్నదే ఇక్కడి అసలు ప్రశ్న. రెండో షిఫ్టులో ఒక గంట తక్కువ నడిపితే కరెంటు 90, కూలీ 70 మిగులుతాయి. షెడ్డు యజమాని అద్దె తగ్గించడు, బ్యాంకు వడ్డీ తగ్గించదు. ఆ 200 రూపాయలు ఏ డై ఎంచుకున్నా కట్టాల్సినవే కాబట్టి ఈ పోలికలోకి రాకూడదు. గంటకు 160 అనుకుంటే మూతకు మెషిన్ ఖర్చు మొదటి డైలో 44.4 పైసలు, రెండో డైలో 20 పైసలు. తేడా 24.4 పైసలు, రన్నరు తుక్కు, హీటర్లు సర్దితే ఇంకో 5 పైసలు కలిసి 29.4 పైసలవుతుంది. 4,80,000ను దానితో భాగిస్తే 16 లక్షల 30 వేల మూతలకు పైగా వస్తుంది, అంటే మీ అకౌంటెంటు గారి జవాబుకు రెట్టింపు.

అయితే కథ ఇక్కడితో అయిపోలేదు, ఎందుకంటే ఖాళీ గంటలు 2,400 మాత్రమే. రెండు కావిటీల డైతో ఆ గంటల్లో వచ్చేవి 8,64,000 మూతలు. అదే ఏడాదిలో అంతకంటే ఒక్క మూత ఎక్కువ కావాలన్నా పగటి షిఫ్టులోని జాబ్ వర్కును పక్కన పెట్టాలి, అంటే గంటకు 450 రూపాయల రాబడి వదులుకోవాలి. అక్కడి నుంచి రెండు కావిటీల డైలో ఒక్కో మూతకు మెషిన్ ఖర్చు 44 పైసలు కాదు, రూపాయి పావలా. నాలుగు కావిటీల డైకి మాత్రం ఇంకా ఖాళీ గంటలు మిగిలే ఉంటాయి కాబట్టి దాని ఖర్చు 20 పైసల దగ్గరే ఉంటుంది. రన్నరు, హీటర్ల సర్దుబాటు కలిపితే తేడా మూతకు 1 రూపాయి 10 పైసలు.

కాబట్టి రెండు కావిటీల ఖర్చు గీత 8,64,000 దగ్గర విరిగి ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ విరుపు వరకు నాలుగు కావిటీల డై వసూలు చేసేది 2,54,000 రూపాయలు. తక్కిన 2,26,000 రూపాయలను మూతకు 1.10 చొప్పున వసూలు చేయడానికి మరో 2,05,000 మూతలు పడతాయి. రెండూ కలిపితే మీ షెడ్డు వరకు అసలు సమాన బిందువు ఏడాదికి 10 లక్షల 70 వేల మూతల దగ్గర ఉంటుంది. కొనుగోలుదారు నోటి మాటగా చెప్పిన 10 లక్షలు దానికి కొంచెం ఇవతలే ఆగిపోతున్నాయి.

ఒక్క మాట చేర్చాలి. ఇది 10 లక్షల 70 వేల మూతలూ ఒకే ఏడాదిలో కావాలన్న పరిస్థితికి మాత్రమే వర్తిస్తుంది. అవే మూతలు రెండేళ్లలో విడతలుగా తీసుకుంటామంటే ఖాళీ గంటలు రెట్టింపవుతాయి, గీత విరగదు, 16 లక్షల లెక్కే నిలుస్తుంది. మొత్తం సంఖ్య ఎంతో, అది ఎంత వేగంగా కావాలో రెండూ అడగండి. డైల మీద కట్టే జీఎస్టీని మీరు ఇన్‌పుట్ క్రెడిట్ కింద తీసుకుంటారనుకుని పక్కన పెట్టాను. మీది కంపోజిషన్ స్కీము అయితే డై ధరల్లో దాన్ని కలుపుకోవాలి.

బాలానగర్ ఫిట్టర్

లెక్కలు బాగున్నాయి కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. ఖాళీ గంటకు అద్దె వేయకూడదంటే, ప్రతి కొత్త పనినీ ఖాళీ గంటల్లో చేస్తున్నామని చెప్పి 160 రూపాయలకే లెక్క కడతాము. చివరికి మెషిన్ రెండు షిఫ్టులూ నిండిపోతుంది, అద్దె మాత్రం ఏ పని మీదా పడకుండా మిగిలిపోతుంది. మా వీధిలో ఇలా ధరలు వేసి మూతపడిన షెడ్లను చూశాను. నా అభిప్రాయంలో 360 వేయడమే క్షేమం.

ఖాతా పుస్తకం

ధర చెప్పేటప్పుడు మీ మాట నిజం. మూతకు ధర కోట్ చేసేటప్పుడు 360కి తగ్గకుండానే వేయాలి. ఇక్కడ ధర వేయడం లేదు, ఒకే మూతను ఏ డైలో పోయాలన్నది తేలుస్తున్నాము. రెండు చోట్లా ఒకే అంకె వాడాలన్న నియమం లేదు.

అయినా మీ అభ్యంతరంలో ఒక బలమైన భాగం ఉంది. ఆ రెండో షిఫ్టు ఏడాది పొడుగునా ఖాళీగానే ఉంటుందని ఎవరు చెప్పగలరు? నాలుగు నెలల్లో మరొక జాబ్ వర్కు వచ్చి అది నిండితే, ఆ రోజు నుంచి గంట విలువ 450 అవుతుంది. మొదటి రోజు నుంచీ మెషిన్ నిండుగా ఉందనుకుంటే సమాన బిందువు సుమారు 6 లక్షల 50 వేలకు దిగిపోతుంది. అంటే ఇవే రెండు డైలకు షెడ్డులో ఉన్న పనిని బట్టి జవాబు 6.5 లక్షల నుంచి 16 లక్షల వరకు ఎక్కడైనా ఉండవచ్చు. ఆయన దగ్గర జాబ్ వర్కు ఎంత పెరుగుతుందో ఆయనకే తెలియాలి, అది నేను ఇక్కడ కూర్చుని చెప్పగలిగింది కాదు.

బాలానగర్ ఫిట్టర్

ధరకు ఒక అంకె, డై ఎంపికకు ఒక అంకె అంటే చిన్న షెడ్లలో రెండూ కలగాపులగమైపోతాయి. వినడానికి బాగానే ఉంది, ఆచరణలో నేను ఒప్పుకోలేను.

బీకాం మూడో ఏడు

గంట విలువ గురించి నేను ఆలోచించలేదు, పరీక్షల్లో చర ఖర్చు ఎప్పుడూ ఇచ్చేసే ఉంటుంది. అయినా నేను మొదట చెప్పిన ఉపాయం ఇప్పటికీ పనికివస్తుంది కదండీ? బిందువు 8 లక్షలు కానీ, 10 లక్షల 70 వేలు కానీ, అక్కడి దాకా చిన్న డైతో నడిపి తరువాత పెద్దదానికి మారితే సరిపోతుంది.

ఖాతా పుస్తకం

చిన్న డైతో మొదలుపెట్టమనడంలో తప్పు లేదు, మారే చోటును ఎంచుకోవడంలో పొరపాటు ఉంది. సులువుగా ఉండడానికి అకౌంటెంటు గారి 60 పైసలనే తీసుకుందాం. ఆ 8 లక్షలన్నది రెండు డైలలో ఒక్కటీ కొనక ముందు వేసిన లెక్క, అందుకే ధరల తేడా 4,80,000ను భాగించాము. రెండు కావిటీల డై ఒకసారి కొన్నాక దాని 1,60,000 తిరిగి రాదు, పెద్ద డై కొనకపోయినంత మాత్రాన మిగలదు. ఆనాడు చేతి నుంచి పోయేది పూర్తిగా 6,40,000. దాన్ని 60 పైసలతో భాగిస్తే సుమారు 10 లక్షల 67 వేలు. ఈ మూతలు మారిన తరువాత చేయబోయేవి. ముందు చేసిన 8 లక్షలు ఆ లెక్కలోకి రావు, అవి అప్పటికే చిన్న డైలో పోసేసినవి.

కాబట్టి 8 లక్షల దగ్గర మీటరు చూసి మారడం కాదు, ఇక ముందు ఎన్ని ఆర్డర్లు ఖాయమో చూసి మారాలి. 3 లక్షల దగ్గరే పెద్ద ఆర్డరు కాగితం మీద వస్తే అప్పుడే మారవచ్చు. 8 లక్షలు దాటాక కొనుగోలుదారు మూత డిజైన్ మార్చబోతున్నారని తెలిస్తే ఎప్పటికీ మారకూడదు.

టూల్‌రూమ్ పెద్దాయన

డై పనిలో తల నెరిసినవాడిని, నా వంతుగా రెండు మాటలు చెబుతాను. మీరందరూ 18 సెకన్లను నిజమనుకుని ముందుకు వెళ్తున్నారు. అది డై చేసే అతను కొటేషన్ కాగితం మీద రాసిన అంకె. నాలుగు కావిటీల చుట్టూ చల్లటి నీళ్లు సమానంగా తిరగకపోతే, అన్నిటికంటే నెమ్మదిగా చల్లారే కావిటీయే సైకిల్‌ను నిర్ణయిస్తుంది. కూలింగ్ లైన్లు సరిగా వేయని డైలో 22 సెకన్లు పట్టడం వింత కాదు. అప్పుడు గంటకు 800 రావు, 654 వస్తాయి, షెడ్డు గారి మొదటి లెక్క ప్రకారమే మిగులు 60 నుంచి 50 పైసలకు పడిపోతుంది. 8 లక్షలన్నది 9 లక్షల 60 వేలవుతుంది.

ఇంకో సంగతి, హాట్ రన్నరులో ఒక చుక్క కారి ఏదైనా నాజిల్ మూసుకుపోతే డై దించి విప్పేంత తీరిక ఉండదు, ఆర్డరు తొందరలో ఆ ఒక్క కావిటీని మూసేసి మిగతా మూడింటితోనే నడిపిస్తారు. నెలల తరబడి అలా నడిచే డైలు ఊళ్లో చాలా ఉన్నాయి. అందుకని డై తీసుకునే ముందు మీ మెషిన్ మీదే, మీ సరుకుతోనే, ఒక పూర్తి షిఫ్టు ట్రయల్ అడగండి. పది షాట్లు కొట్టి చూపించి సైకిల్ టైమ్ ఇంత అని చెబితే నమ్మవద్దు, డై వేడెక్కి నిలదొక్కుకున్నాకే అసలు సైకిల్ తెలుస్తుంది. నాలుగు కావిటీల మూతలనూ విడివిడిగా తూకం వేయండి. ఒక కావిటీ మూత మిగతావాటి కంటే తేలికగా ఉంటే కరిగిన సరుకు సమానంగా చేరడం లేదని అర్థం. చివరి చెల్లింపును ఈ ట్రయల్‌కు ముడిపెట్టి ఆర్డరులోనే రాసుకోండి.

మూతలు ఒకే రంగా, రంగులు మారతాయా?

చర్లపల్లి షెడ్

మూడు రంగులండీ. తెలుపు, పసుపు, ఎరుపు. నెలకు మూడింటినీ ఒక్కో విడత చేయాలి.

టూల్‌రూమ్ పెద్దాయన

నేను అడిగింది అందుకే. కోల్డ్ రన్నరులో పాత రంగు రన్నరుతో పాటు బయటికి వచ్చేస్తుంది. హాట్ రన్నరులో సరుకును కావిటీలకు పంచే మానిఫోల్డ్ మూలల్లో పట్టుకుని కూర్చుంటుంది, ఎరుపు తరువాత తెలుపు పోస్తే గంటసేపు గులాబీ రంగు మూతలే వస్తాయి. ఒక్కో రంగు మార్పుకు మామూలు డై కంటే గంటన్నర, 5 కిలోల సరుకు ఎక్కువే పోతాయి. రంగులున్న పనికి హాట్ రన్నరు పెట్టడం నాకు ఏనాడూ నచ్చలేదు.

ఖాతా పుస్తకం

పెద్దాయన గారి అనుభవాన్ని కాదనను, కానీ రూపాయల్లోకి మార్చి చూస్తే ఈ ఒక్క విషయంలో భయం కొంచెం ఎక్కువైందనిపిస్తోంది. గంటన్నరకు అకౌంటెంటు గారి 360 చొప్పున 540, అయిదు కిలోలు తుక్కుకు అమ్మగా పోయేది 300, మొత్తం మార్పుకు 840 రూపాయలు. నెలకు మూడు చొప్పున ఏడాదికి 36 మార్పులు, సుమారు 30,000. ఇది మూతల సంఖ్యతో పెరిగేది కాదు, విడతల సంఖ్యతో పెరిగేది కాబట్టి డైల తేడా 4,80,000 పక్కన చేర్చాలి. అకౌంటెంటు గారి పద్ధతిలో బిందువు 8 లక్షల నుంచి 8 లక్షల 50 వేలకు జరుగుతుంది, అంతే. తెలుపు, పసుపు, ఎరుపు వరుసలో లేత నుంచి ముదురుకు వెళ్తే నెలకు ఒక్కసారే కష్టమైన మార్పు ఉంటుంది. కొనుగోలుదారు వారం వారం మూడు రంగులూ అడిగితే మాత్రం ఏడాదికి నూట యాభై మార్పులు దాటుతాయి, అప్పుడు పెద్దాయన గారిదే పైచేయి.

నన్ను వీటన్నిటికంటే ఎక్కువగా ఆపుతున్నది ఆ 3 లక్షల ఆర్డరు కాగితం. ఖాళీ గంటల లెక్కన పెద్ద డై చేయించి 3 లక్షల దగ్గరే పని ఆగిపోతే, చిన్న డైతో పోలిస్తే మీరు 3,90,000 రూపాయలు వెనకబడి ఉంటారు. 10 లక్షలూ వస్తే 76,000 వెనక. 12 లక్షలు వస్తే దాదాపు 1,44,000 ముందు. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

నాచారం పచ్చళ్లు

అయితే డై డబ్బు కొనుగోలుదారునే పెట్టుకోమంటే పోతుంది కదా? మా సీసాల డై మాదే, చేసేవారిది కాదు.

టూల్‌రూమ్ పెద్దాయన

ఈసారి పచ్చళ్ల గారు గురి చూసి కొట్టారు. డై డబ్బు వారు పెడితే వారు చిన్న డైకే పెడతారు, గంటలు మిగలడం వల్ల వారికి ఒరిగేది లేదు కాబట్టి. తేడా 4,80,000లో సగం పెట్టండి, ధరలో కొంత తగ్గిస్తామని అడిగి చూడవచ్చు. ఎంత తగ్గించాలన్నది మళ్లీ లెక్కే.

ఇంకో దారి ఉంది. నాలుగు కావిటీలకు సరిపోయే మోల్డ్ బేస్ తీసుకుని, ముందు రెండు కావిటీల ఇన్సర్టులు మాత్రమే వేసి, పని పెరిగాక మిగతా రెండూ చేయించుకోవడం. కోల్డ్ రన్నరులో ఇది మామూలుగా చేసేదే. హాట్ రన్నరులో అయితే నాలుగు నాజిళ్ల మానిఫోల్డ్ ముందే కొనాలి, డై ధరలో బరువంతా అక్కడే ఉంటుంది కాబట్టి ఎంత మిగులుతుందో కొటేషన్ తెప్పిస్తే కానీ తెలియదు. బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, మీ దగ్గరే చర్లపల్లిలో సిపెట్ ఉంది. డ్రాయింగు తీసుకెళ్లి రెండు చోట్లా అడగండి.

చర్లపల్లి షెడ్

అందరికీ ధన్యవాదాలు. 6,40,000 అడ్వాన్సు ఈ వారం కట్టడం లేదు. నాలుగు కావిటీల కోల్డ్ రన్నరు బేస్‌లో ముందు రెండు ఇన్సర్టులు వేసి ఇవ్వడానికి కొటేషన్ అడిగాను. కొనుగోలుదారును 10 లక్షలు ఎన్ని నెలల్లో కావాలో రాతపూర్వకంగా చెప్పమన్నాను, డైలో సగం భరించే సంగతి కూడా ప్రస్తావించాను, ఇంకా జవాబు రాలేదు. ఖాతా పుస్తకం గారూ, ఒక సందేహం మిగిలింది. నాలుగు కావిటీలూ కోల్డ్ రన్నరే అయితే హీటర్ల 4 పైసలు పోతాయి, రంగు మార్పు ఇబ్బంది పోతుంది, కానీ రన్నరు తుక్కు 9 పైసలు తిరిగి వస్తుంది, సైకిల్ కూడా 20 సెకన్లకు తగ్గదంటున్నారు. ఆ మూడో డైకి లెక్క ఈ రెండింటితోనూ విడివిడిగా వేయాలా, చిన్న డైతో పోల్చి చూస్తే చాలా?

ఖాతా పుస్తకం

రెండింటితోనూ వేయాలి. మూడు గీతలున్నప్పుడు మధ్య గీత ఏ సంఖ్య దగ్గరా అన్నిటికంటే కిందికి రాకపోవచ్చు, అలాంటప్పుడు అది మీకు అక్కరలేదు. దాని ధర ఇంకా చేతికి రాలేదు కాబట్టి ఇప్పుడే ఏమీ అనలేను. కొటేషన్ రాగానే అంకెలు ఇక్కడ పెట్టండి. ఈలోపు రెండో షిఫ్టు గత ఏడాది నిజంగా ఎన్ని రోజులు ఖాళీగా ఉందో రిజిస్టరు తీసి చూడండి, 2,400 గంటలన్నది మీరు గుర్తు మీద చెప్పిన అంకెలా ఉంది.